సరిచేసి పంపిన అగ్రిమెంట్‌లో ఇంకేం మారిందో చూసుకున్నాను: నా అనుభవం

మా చిన్న అనువాద బృందానికి ఒక సంస్థతో ఒప్పందం కుదిరింది. పద్నాలుగు పేజీల అగ్రిమెంట్ వాళ్లే తయారుచేసి పంపారు. చదివి, ఆ ఫైలునే మెయిల్‌కు జతచేసి ఆరు మార్పులు అడిగాను. మొదటి పేజీలో మా బృందం పేరులో ఒక అక్షరం తప్పుంది. 4వ క్లాజులో బిల్లు చెల్లించే గడువు 60 రోజులని ఉంటే 30 చేయమన్నాను. 5వ క్లాజులో ఎన్నిసార్లైనా ఉచితంగా సవరించాలన్న వాక్యం తీసేయమన్నాను. మూల ఫైళ్లు ఎవరి దగ్గర ఉండాలో చెబుతూ 7వ క్లాజు కొత్తగా చేర్చమన్నాను. అనుబంధం పట్టికలో 120 పేజీలు అన్నచోట 150 రావాలి. ప్రతి పేజీ కింద ఫుటర్‌లో ఉన్న పాత తేదీ మారాలి.

రెండు రోజుల్లో ఫైలు తిరిగొచ్చింది. "మీరు చెప్పినవన్నీ సరిచేశాం, చూసి సంతకం పెట్టండి" అని రాశారు. తెరిస్తే ఎక్కడా ఎర్ర గీత లేదు. మార్పుల్ని గుర్తులతో చూపించే ట్రాక్ ఛేంజెస్ పెట్టకుండా శుభ్రమైన కాపీ పంపారు. ఇంతకుముందైతే నేను అడిగిన ఆరు చోట్లకీ వెళ్లి చూసుకుని సంతకం పెట్టేసేదాన్ని. కానీ అలా చూస్తే నేను అడిగినవి జరిగాయా లేదా అన్నదే తెలుస్తుంది. అడగనిది ఏదైనా మారిందేమో తెలియదు. పద్నాలుగు పేజీలు మళ్లీ మొదటి నుంచి చదివినా, ఒకసారి చదివిన పాఠంలో మారిన ఒక్క అంకెను కన్ను దాటేస్తుంది. అందుకే రెండు ఫైళ్ల మధ్య తేడాలు చూపించే, వర్డ్‌లోనే ఉన్న Compare వాడదామనుకున్నాను.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది దేన్ని దేనితో పోల్చాలన్నది. నా డెస్క్‌టాప్‌లో పాత ఫైలు ఉంది గానీ, పంపాక కూడా అందులో ఒకట్రెండు కామాలు సరిచేసుకున్నాను. దాన్ని ఆధారంగా పెట్టుకుంటే నా మార్పులు కూడా వాళ్ల ఖాతాలో పడతాయి. కాబట్టి నేను పంపిన మెయిల్ తెరిచి, దానికి జతచేసిన ఫైలునే మళ్లీ డౌన్‌లోడ్ చేసుకున్నాను. ఇద్దరి చేతుల్లోనూ ఉన్న కాపీ అదే.

తర్వాత Review ట్యాబ్‌లో Compare నొక్కి, మళ్లీ Compare ఎంచుకున్నాను. పక్కనే ఉన్న Combine ఇద్దరి మార్పుల్ని ఒక ఫైలులోకి కలపడానికి, ఈ పనికి అది కాదు. Original document అన్నచోట నేను పంపిన ఫైలు, Revised document అన్నచోట వాళ్లు పంపిన ఫైలు పెట్టాను. ఈ రెండూ తారుమారైతే చేర్చినవి తీసేసినట్టు, తీసేసినవి చేర్చినట్టు కనిపిస్తాయి. కింద More నొక్కితే వేటిని పోల్చాలో టిక్కులు పెట్టుకునే జాబితా వస్తుంది. ఫలితం New document లో రావాలని ఎంచుకుంటే అసలు ఫైళ్లు రెండూ చెక్కుచెదరవు.

మొదటిసారి అన్ని టిక్కులూ ఉంచి పోల్చాను. నూట ఎనభైకి పైగా మార్పులు వచ్చాయి! గుండె జారిపోయింది. నిదానంగా చూస్తే దాదాపు అన్నీ ఒకటే రకం: వాళ్ల కంప్యూటర్‌లో ఫాంటు మారింది, పేరా పేరాకీ అదొక మార్పుగా లెక్కకొచ్చింది. ఆ గుంపులో అసలు మార్పును వెతకడం కష్టం. అందుకని ఫలితాన్ని మూసేసి, Formatting, White space టిక్కులు తీసి మళ్లీ పోల్చాను. ఈసారి 14 వచ్చాయి. ఫార్మాటింగ్ సంగతి వదిలేయలేదు, అది తర్వాత విడిగా చూశాను.

అదే జాబితాలో Show changes at అన్నచోట Word level ఉంచడం నాకు చాలా మేలు చేసింది. Character level పెడితే 60 కాస్తా 30 అయినప్పుడు 6 మీద ఒక గీత, పక్కన ఒక 3, అంతే కనిపిస్తుంది. సున్నా ఏమీ జరగనట్టు నిలబడి ఉంటుంది. Word level లో 60 మొత్తం కొట్టేసి 30 మొత్తం చేర్చినట్టు వస్తుంది కాబట్టి దాటిపోదు.

ఫలితాన్ని పేజీలు జరుపుకుంటూ చూడలేదు. Reviewing Pane తెరిచాను. అన్ని మార్పులూ వరుసగా అందులో ఉంటాయి, ఫుటర్‌లో జరిగినవి కూడా. పక్కన నా మెయిల్‌లోని ఆరు అంశాలూ కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఒక్కో గుర్తుకీ ఆ కాగితంలో జోడీ వెతికాను. ఒక మాట తీసి ఇంకో మాట పెడితే అది రెండుగా లెక్కకొస్తుందని తెలిసుంటే ఆ 14 చూసి కంగారు పడక్కర్లేదు.

పేరు, 4వ క్లాజు, 5వ క్లాజు, కొత్త క్లాజు, పట్టిక: ఐదింటికీ జోడీ దొరికింది, ఎనిమిది గుర్తులు పోయాయి. కాగితం మీద ఒక అంశం ఒంటరిగా మిగిలింది, ఫుటర్ తేదీ. అది మార్చనే లేదు. మరోవైపు ఆరు గుర్తులు ఒంటరిగా మిగిలాయి.

మొదటి రెండూ 10వ క్లాజులో ఉన్నాయి. ఒప్పందం రద్దు చేసుకోవాలంటే ముందుగా ఇవ్వాల్సిన నోటీసు 60 రోజులు కాస్తా 30 అయింది. దీన్ని చూడగానే నిజంగా టెన్షన్ వచ్చింది. మేం తీసుకునే ఒక్కో పనికి రెండు నెలలు పడుతుంది. నోటీసు గడువు 30 రోజులైతే సగం పనిలో ఆగిపోవాల్సి వస్తుంది.

తర్వాతి రెండూ "అగ్రిమెంట్" అన్న మాట మీద. కొట్టేసినదీ చేర్చినదీ కంటికి ఒక్కలాగే ఉన్నాయి. రెండింటినీ ఒక ఖాళీ ఫైలులోకి కాపీ చేసి, ఒక్కోదాని చివర కర్సర్ పెట్టి, దాని ముందున్న అక్షరం కోడ్ చూపించే Alt+X నొక్కాను. ఒకదాని చివర 0C4D వచ్చింది, అది పొల్లు. రెండోదాని చివర 200C వచ్చింది. తెలుగు కీబోర్డుల్లో పొల్లు తర్వాత కొన్నిసార్లు పడే, కంటికి కనబడని అక్షరం అది. ఎవరో ఆ మాటను మళ్లీ టైపు చేశారన్నమాట. అర్థంలో తేడా లేదు, వదిలేశాను. తెలుగు ఫైళ్లు పోల్చేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. ఒక్కలా కనిపిస్తున్నాయి కదా అని చూడకుండా దాటేయడం కన్నా ఒకసారి ఇలా తేల్చుకుంటే మనసు కుదుటపడుతుంది.

చివరి రెండూ గోప్యత గురించిన పేరా. ఒకచోట పేరా మొత్తం కొట్టేసి ఉంది, కాస్త పైన అలాంటి పేరాయే మొత్తం చేర్చి ఉంది. ఏమీ మారకుండా జరిపి ఉంటే Moves టిక్కు వల్ల జరిపినట్టు చూపించేది. అలా చూపించలేదంటే లోపల కూడా ఏదో మారి ఉండొచ్చు. కానీ పేరా అంతా ఒకే రంగులో ఉంటే ఏది మారిందో ఎలా తెలుస్తుంది? పాత పేరాను ఒక కొత్త ఫైలులో, కొత్త పేరాను ఇంకో ఫైలులో పెట్టి, ఆ రెండింటినీ విడిగా పోల్చాను. "రాతపూర్వక అనుమతి లేకుండా" అన్నచోట "అనుమతి లేకుండా" అని ఉంది. మిగతా చిన్న తేడాలు కామాలు. రాతపూర్వక అన్న మాట పోతే, ఫోన్‌లో ఒప్పుకున్నారని ఎవరైనా అనొచ్చు.

ఫోన్ చేశాను. అవతల అగ్రిమెంట్ తయారుచేసినావిడ ఫైలు తెరిచి చూసి, "అయ్యో మేడమ్, 60 రోజులు అన్నచోట 30 రోజులు రావాలంటే Replace All కొట్టేశానండీ. నోటీసు క్లాజులో కూడా అదే మాట ఉందని గమనించలేదు" అన్నారు. గోప్యత పేరా తమ కొత్త నమూనా నుంచి తెచ్చి పెట్టారట. రెండూ పాతవాటిలాగే ఉంచుతామన్నారు. దురుద్దేశం ఏమీ లేదు, అయినా సంతకం పడి ఉంటే రెండూ మమ్మల్ని కట్టేసేవి.

ఫోన్ పెట్టేశాక ఇంకో సంగతి తట్టింది, ఇది Compare చూపించలేనిది. కొత్త 7వ క్లాజు రావడంతో పాత 7 ఎనిమిదైంది, పాత 9 పదైంది. ఆ అంకెలు వర్డ్ తనే వేసుకుంటుంది. కానీ అనుబంధంలో "9వ క్లాజు ప్రకారం నోటీసు ఇవ్వాలి" అని చేత్తో టైపు చేసి ఉంది. ఆ వాక్యం రెండు ఫైళ్లలోనూ ఒకటే, కాబట్టి దాని మీద గుర్తు పడదు. అర్థం మాత్రం తప్పింది, నోటీసు క్లాజు ఇప్పుడు 10వది. Compare మారినదాన్ని చూపిస్తుంది, మారాల్సి ఉండీ మారనిదాన్ని చూపించదు. Ctrl+F తో "క్లాజు" అని వెతికి, దొరికిన ప్రతిచోటా అంకె సరిచూశాను. రెండు చోట్ల తప్పింది. అనుబంధంలో బొమ్మగా పెట్టిన పని క్రమం పటం కూడా అంతే, బొమ్మలోని అక్షరాలను Compare చదవదు. దాన్ని పక్కపక్కన పెట్టి కళ్లతోనే చూసుకున్నాను.

నోటీసు గడువు, గోప్యత పేరా, ఫుటర్ తేదీ, రెండు క్లాజు అంకెలు: ఈ ఐదూ రాసి పంపితే సాయంత్రానికి మూడో ఫైలు వచ్చింది. దాన్ని రెండుసార్లు పోల్చాను. మొదట రెండో ఫైలుతో పోలిస్తే ఈ ఐదింటి గుర్తులే రావాలి, అవే వచ్చాయి. రెండోసారి నేను మొదట పంపిన ఫైలుతో పోల్చాను. రెండో ఫైలులో నా కన్ను దాటిపోయింది ఏదైనా ఉంటే ఇక్కడ మళ్లీ దొరుకుతుంది. నోటీసు క్లాజు మీద ఇప్పుడు అసలు గుర్తే లేదు, అంటే అది నిజంగా పాత మాటకే వచ్చిందన్నమాట. గోప్యత పేరా మీదా లేదు. నేను అడిగిన ఆరూ, సరిచేయించిన క్లాజు అంకెలు రెండూ, ఆ కనబడని అక్షరం ఉన్న మాట మాత్రమే మిగిలాయి.

ఆఖరున Formatting టిక్కు పెట్టి ఇంకోసారి పోల్చి, ఫాంటు పేరు తప్ప మరేమీ మారలేదని చూసుకున్నాను. అప్పుడు వాళ్లు "పీడీఎఫ్ చేసి పంపుతాం" అన్నారు. వద్దన్నాను. పీడీఎఫ్‌ను మళ్లీ వర్డ్‌లో తెరిస్తే తెలుగు గుణింతాలు చెదిరిపోతాయి, ఇక పోల్చడానికి ఏమీ మిగలదు. సరిచూసిన ఆ ఫైలు నుంచే నేను పీడీఎఫ్ చేసి పంపాను. ఇద్దరం దాని మీదే సంతకాలు పెట్టాం.