ఒక బీట్‌రూట్, మూడు ప్రశ్నలు: ఏఎస్ లెవెల్ బయాలజీలో నా అనుభవం

పదో తరగతి దాకా నాది స్టేట్ సిలబస్. అందులో ఎనిమిది వరకు తెలుగు మీడియం. ఆ తర్వాత విశాఖలోనే కేంబ్రిడ్జ్ సిలబస్ ఉన్న స్కూల్లో ఏఎస్ లెవెల్‌లో, అంటే మన ఇంటర్ మొదటి ఏడాది లాంటి దాంట్లో చేరాను. మొదటి మాక్ పరీక్షలో కణ త్వచం మీద పది మార్కుల ప్రశ్న వచ్చింది. చదివిందే వచ్చిందని సంబరపడి పేజీన్నర నింపాను. వచ్చినవి మూడు మార్కులు. పేపరు చివర మేడం రాసిన మాట: "విషయం తెలుసు, అడిగింది రాయలేదు."

ఆ ఆదివారం పేపరు పట్టుకుని ఎంవీపీ కాలనీలో ఉండే పిన్ని దగ్గరికి వెళ్లాను. పిన్ని డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతుంది. చదివి, కళ్లజోడు పైకి తోసి, "ఏటే ఇది? అన్నం విస్తట్లో కూర, కూర గిన్నెలో అన్నం పెట్టినట్టుంది" అంది.

ప్రశ్న ఇది. బీట్‌రూట్ ముక్కల్ని వేర్వేరు ఉష్ణోగ్రతల నీళ్లలో ఉంచారు. నీళ్లలోకి ఎంత రంగు దిగిందో కలరీమీటర్‌తో కొలిచి గ్రాఫ్ గీశారు. రంగు ఎంత ఎక్కువ దిగితే నీళ్లు అంత ఎక్కువ కాంతిని పీల్చుకుంటాయి, ఆ కొలతే శోషణ. 20 డిగ్రీల దగ్గర శోషణ 0.08, 40 దగ్గర 0.14, 60 దగ్గర 0.78, 70 దగ్గర 0.81. మొదటి భాగం 'డిస్క్రైబ్', మూడు మార్కులు. రెండోది 'ఎక్స్‌ప్లెయిన్', నాలుగు. మూడో భాగంలో, ముందుగా ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన బీట్‌రూట్‌కి ఇంకో గీత ఇచ్చి 'కంపేర్' అన్నారు. దానికి మూడు.

నేను డిస్క్రైబ్ కింద ఏం రాశానంటే, వేడికి త్వచంలోని ప్రోటీన్లు చెడిపోయి రంగు బయటికి వస్తుంది అని. ఎక్స్‌ప్లెయిన్ కింద మళ్లీ గ్రాఫ్ కథే చెప్పాను. రెండు జవాబులూ చాలావరకు నిజమే, కానీ రెండూ తప్పు చోట ఉన్నాయి. ఒక భాగం కింద రాసిన దానికి ఇంకో భాగంలో మార్కు వేస్తారని ఆశ పెట్టుకోకూడదని అప్పుడు తెలిసింది.

"తెలుగులో రెంటికీ 'వివరించండి' అనే అడుగుతారు. నీ తలలో ఆ రెండు మాటలూ ఒకటే అయిపోయాయి" అంది పిన్ని. నిజమే. స్కూల్లో 'కణ త్వచ నిర్మాణాన్ని వివరించండి' అన్నా, 'ద్రవాభిసరణ ఎందుకు జరుగుతుందో వివరించండి' అన్నా, నేను తెలిసిందంతా ఒకే ధారగా రాసేదాన్ని. దానికే మార్కులు పడేవి.

పిన్ని నాకు రెండు పెన్నులిచ్చింది. కంటికి కనిపించేది నీలంతో, కారణం ఎర్రతో రాయమంది. డిస్క్రైబ్ జవాబులో ఎర్ర సిరా ఒక్క చుక్క కూడా ఉండకూడదు. నీలంతో రాసింది చివరికి ఇలా తేలింది: ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ శోషణ పెరిగింది. 20 నుంచి 40 డిగ్రీల వరకు పెరుగుదల చాలా తక్కువ, 0.08 నుంచి 0.14కి మాత్రమే. 40 నుంచి 60 మధ్య నిటారుగా లేచి 0.78కి చేరింది, అంటే దాదాపు అయిదున్నర రెట్లు. ఆ తర్వాత దాదాపు చదునైంది. అంతే, నాలుగు వాక్యాలు. గ్రాఫ్ ఎక్కడ మలుపు తిరిగిందో అక్కడ ఆగి అంకె చెప్పాలి. ఉష్ణోగ్రతకి డిగ్రీలు రాయాలి, శోషణకి ప్రమాణం ఉండదు. ప్రతి బిందువునీ చదివి అప్పగిస్తే అది వర్ణన కాదు, పట్టీ.

ఎక్స్‌ప్లెయిన్‌కి వచ్చేసరికి పిన్ని లేచి వంటింట్లోంచి బీట్‌రూట్ తెచ్చింది. ముక్కలు కోసి కుళాయి కింద బాగా కడిగింది. కోసిన చోట తెగిన కణాల రంగు పోకపోతే లెక్క తప్పుతుందట. ఒక ముక్క చల్లటి నీళ్లలో, ఇంకోటి మరిగిన నీళ్లలో వేసింది. మొదటి గ్లాసులో లేత గులాబీ ఛాయ, రెండో దాంట్లో చిక్కటి ఎరుపు.

"ఈ రంగు కణంలో ఎక్కడుంది?"

"రిక్తికలో."

"మరి బయటికి రావాలంటే ఎన్ని త్వచాలు దాటాలి?"

రెండని అప్పుడే తట్టింది: రిక్తిక చుట్టూ ఉండే టోనోప్లాస్ట్, ఆపైన కణ త్వచం. కణ కవచం దీన్ని ఆపదు, దానిలోంచి ఈ రంగు అణువులు సులువుగా పోతాయి. మాక్‌లో నేను 'కణ కవచం పగిలి' అని రాసి, అదే పెద్ద పాయింటనుకున్నాను!

ఎర్ర పెన్నుతో రాసింది గొలుసులా రావాలని పిన్ని పట్టు. వేడికి ఫాస్ఫోలిపిడ్ అణువుల గతిశక్తి పెరుగుతుంది, అవి ఎక్కువగా కదిలి వాటి మధ్య సందులు పడతాయి. త్వచంలోని ప్రోటీన్లలో హైడ్రోజన్ బంధాలు తెగి వాటి ఆకృతి మారిపోతుంది. అందువల్ల త్వచం పారగమ్యత పెరుగుతుంది. అందువల్ల రంగు, గాఢత ఎక్కువున్న రిక్తిక నుంచి తక్కువున్న నీళ్లలోకి వ్యాపనం చెందుతుంది. 'అందువల్ల' పెట్టలేని చోట గొలుసులో లింకు తెగినట్టే. 40 దాటాకే ఎందుకు లేచిందన్నదానికి ప్రోటీన్ల వాక్యం జవాబు, 60 తర్వాత ఎందుకు చదునైందన్నదానికి లోపలి గాఢత, బయటి గాఢత దాదాపు సమానం కావడం జవాబు. గ్రాఫ్‌లోని ఒక్కో మలుపుకీ ఒక్కో కారణం చెప్పడమే ఎక్స్‌ప్లెయిన్.

ఈ రెండు పెన్నుల పద్ధతి అన్నిచోట్లా పనికిరాదు. 'ప్రోటీన్ తయారై కణం బయటికి ఎలా వెళ్తుందో డిస్క్రైబ్ చేయండి' అంటే చదవడానికి గ్రాఫ్ ఏదీ ఉండదు. అక్కడ వరసే ముఖ్యం. గరుకు అంతర్జీవ ద్రవ్యజాలం మీది రైబోజోముల దగ్గర మొదలుపెట్టి, గాల్జీ, కోశికలు, చివరికి కోశిక కణ త్వచంతో కలిసిపోవడం దాకా మెట్లు ఒకదాని తర్వాత ఒకటి రావాలి. ఒక మెట్టు అటూ ఇటూ అయితే మార్కు పోతుంది.

కంపేర్‌లో నా రోగం వేరు. మనకి 'భేదాలు తెలపండి' అలవాటు కదా, పోల్చమన్నా తేడాలే వెతుకుతాను. పైగా మొదట తాజా ముక్క గురించి ఒక పేరా, తర్వాత గడ్డకట్టించిన దాని గురించి ఇంకో పేరా. "దిద్దేవాళ్లు నీ తరఫున పోల్చరే" అంది పిన్ని. ప్రతి వాక్యంలో ఇద్దరూ ఉండాలని నియమం పెట్టింది. గడ్డకట్టించిన దాని శోషణ 20 దగ్గర 0.70, 70 దగ్గర 0.83. కాబట్టి: రెండింటిలోనూ ఉష్ణోగ్రతతో శోషణ పెరిగింది. 20 దగ్గర గడ్డకట్టించిన దానిది 0.70 ఉంటే తాజాదానిది 0.08 మాత్రమే. మొత్తం పెరుగుదల తాజాదానిలో 0.73, గడ్డకట్టించిన దానిలో 0.13. 70 దగ్గర రెండూ దాదాపు ఒకచోటికి చేరాయి. మంచు స్ఫటికాలు త్వచాల్ని ముందే చీల్చేశాయన్న కారణం నాలుక చివర ఆడుతోంది, కానీ అడగలేదు కాబట్టి రాయలేదు. అది మింగుకోవడమే అన్నిటికన్నా కష్టమైంది.

నెల తర్వాత రెండో మాక్‌లో బంగాళాదుంప ముక్కలు, చక్కెర ద్రావణాలు వచ్చాయి. డిస్క్రైబ్‌కి మూడుకి మూడు. ఎక్స్‌ప్లెయిన్‌లో నీరు ఎటు కదిలిందో రాశాను గానీ, నీటి శక్మం ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకి అన్న లింకు వదిలేశాను, ఒకటి పోయింది. కంపేర్‌లో పోలిక ఒక్కటీ రాయకుండా మూడూ తేడాలే రాసి మళ్లీ ఒకటి పోగొట్టుకున్నాను. పేపరు ఫొటో పంపితే పిన్ని దగ్గర్నుంచి ఒక్క ముక్కే వచ్చింది: "బీట్‌రూట్ వేపుడు చేశాను, ఎర్ర పెన్ను పట్టుకుని రా."