సర్టిఫికెట్, వడ్లు, పేపర్ 3: గ్రూప్-2కి మూడు వారాల ముందు నా లిస్టు

గ్రూప్-2 పరీక్ష 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో. నేను చెప్పేది నవంబర్ 24, ఆదివారం రాత్రి సంగతి. నల్గొండ రామగిరిలో మా రూమ్‌లో కూర్చుని వచ్చే వారం పనులన్నీ ఒక కాగితం మీద రాశాను. పది వచ్చాయి. పేపర్ 3 ఎకానమీలో సగం మిగిలి ఉంది, పేపర్ 4 తెలంగాణ ఉద్యమం ఇంకోసారి చూడాలి, నవంబర్ కరెంట్ అఫైర్స్, ఆదివారం గ్రాండ్ టెస్ట్, నేను ట్యూషన్ చెప్పే టెన్త్ పిల్లల పేపర్లు దిద్దడం, చెల్లె స్కాలర్‌షిప్ కోసం ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఊర్లో వడ్ల కాంటా, గురువారం చిన్నమ్మ వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం, గ్యాస్ బండ, బుధవారం రాత్రితో ఆఫర్ అయిపోతుందని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు వస్తున్న ఒక టెస్ట్ సిరీస్. ఏది చూసినా ఇప్పుడే చేయాలన్నట్టే ఉంది.

ఐసెన్‌హోవర్ పేరు మీద ఉన్న నాలుగు గళ్ల పట్టిక మీలో చాలామందికి తెలుసు. అర్జెంటు-ముఖ్యం, అర్జెంటు కాదు కానీ ముఖ్యం, అట్లా. అమెరికా ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ 1954లో ఒక ప్రసంగంలో, ఒక మాజీ కాలేజీ ప్రెసిడెంట్ మాటగా చెప్పిన విషయం నుంచి ఆ పేరు వచ్చింది. నేనూ గీశాను. తీరా చూస్తే పదిలో ఎనిమిది మొదటి గడిలోనే పడ్డాయి! గడి గీస్తే పని తేలదని అప్పుడు అర్థమైంది, గడిలో వేసే ముందు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి.

మొదటి ప్రశ్న మా రూమ్‌మేట్ అడిగాడు. సర్టిఫికెట్ కాలేజీలో శనివారం లోపు ఇవ్వాలి కాబట్టి నేను శుక్రవారం దగ్గర రాసుకున్నాను. వాడు చూసి, "అది నీ చేతిలో ఉన్న పనా, వాళ్ల చేతిలో ఉన్న పనా?" అన్నాడు. నిజమే కదా, మీసేవలో నా పని గంట, రానుపోను కలిపితే రెండు గంటలు. తర్వాత అప్లికేషన్ తహసీల్దార్ ఆఫీసుకు పోవాలి, విచారణ కావాలి, సంతకం కావాలి, దానికి పట్టే రోజులు నా లెక్కలో లేనే లేవు. అప్పటి నుంచి ప్రతి పని పక్కన చివరి తేదీ కాకుండా, మొదలుపెట్టడానికి చివరి రోజు రాస్తున్నాను. గడువులోంచి ఇతరుల చేతిలో ఉండే రోజులు తీసేసి, ఇంకో రోజు అదనంగా తీసేయాలి. అట్లా చూస్తే శుక్రవారం పని సోమవారం పొద్దుటికి వచ్చింది. చాలా పనులకు ఈ తీసివేతే సరిపోతుంది.

రెండోది, దాటిపోతే ఏం పోతుంది, అది మళ్లీ వస్తుందా? టెస్ట్ సిరీస్ ఆఫర్ దాటితే కొన్ని వందలు ఎక్కువ, అదీ కొంటేనే. చేతిలో ఉన్న టెస్టులే రాయలేదు, కొత్తవి ఎందుకు? కొట్టేశాను. వడ్లు మాత్రం తడిస్తే తడిసినట్టే.

మూడోది లెక్క. ఒక్కో పనికి ఎన్ని గంటలో రాశాను. పేపర్ 3కి 20, పేపర్ 4కి 12, కరెంట్ అఫైర్స్‌కు 8, గ్రాండ్ టెస్ట్ రాసి చూసుకోవడానికి 8, వడ్లకు 7, ఇట్లా అన్నీ కలిపితే 68. ట్యూషన్లు, నిద్ర, వంట పోగా నాకున్నవి 51. అంటే ఎంత బాగా వరుస పెట్టినా 17 గంటల పని జరగదు. ఈ కూడిక చేయకపోతే ఏమవుతుందంటే, ఏది జరగకూడదో మనం తేల్చం, అలసట తేలుస్తుంది, సాధారణంగా అది కష్టమైన సబ్జెక్టునే పక్కకు నెడుతుంది.

నా విషయంలో ఆ కష్టమైనది పేపర్ 3. నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. అంతకుముందు గ్రాండ్ టెస్ట్‌లో పేపర్ 4లో 112 వచ్చాయి, పేపర్ 3లో 71. అయినా పుస్తకం తీస్తే చేయి పేపర్ 4 మీదికే పోతుంది, ఎందుకంటే 1956 పెద్దమనుషుల ఒప్పందం, ముల్కీ నిబంధనలు, 1969 ఉద్యమం కథలాగా చదవొచ్చు, చదివినట్టు తృప్తి కూడా ఉంటుంది. ద్రవ్య లోటు దగ్గర కూర్చుంటే పది నిమిషాలకు నీళ్లు తాగాలనిపిస్తుంది. ముఖ్యం అనే మాటకు నేను పెట్టుకున్న కొలత ఒకటే, ఈ గంట పెడితే ఎక్కడ ఎక్కువ మార్కులు కలుస్తాయి అని. 112 నుంచి ఇంకో పది తెచ్చుకోవడం కంటే 71 మీద పది తేవడం సులువు. కాబట్టి పేపర్ 4ను 12 నుంచి 4 గంటలకు తగ్గించాను, కరెంట్ అఫైర్స్‌ను 8 నుంచి 3కి, వ్రతానికి భోజనం వేళకు పోయి రెండు గంటల్లో వచ్చేద్దామనుకున్నాను, చిన్నమ్మ "అయ్యో, అట్ల వచ్చి అట్ల పోతవా" అన్నది, సరే. ఆఫర్ చూడటానికి పెట్టిన గంట కూడా పోయింది. సరిగ్గా 51కి వచ్చింది.

ఆ సరిగ్గానే నా తప్పు, కొంచెం కూడా ఖాళీ పెట్టలేదు. బుధవారం సర్టిఫికెట్ గురించి ఫోన్ వచ్చింది, రేషన్ కార్డు జిరాక్స్ సరిగా కనబడటం లేదని. గురువారం మళ్లీ పోయి ఇచ్చాను, గంటన్నర పోయింది. సర్టిఫికెట్ శుక్రవారం సాయంత్రం చేతికి వచ్చింది, శనివారం చెల్లె కాలేజీలో ఇచ్చేసింది. మొదట అనుకున్నట్టు శుక్రవారమే పోయి ఉంటే ఆ జిరాక్స్ ఒక్కటే చాలు ఆగిపోవడానికి. ఆ గంటన్నర పేపర్ 3లోంచి తీయబుద్ధి కాలేదు, కరెంట్ అఫైర్స్‌లోంచి తీశాను. ఇప్పుడు నేను రోజుకో గంట ఏ పనికీ రాయకుండా వదిలేస్తాను.

ఇక వడ్లు. శనివారం నకిరేకల్ దగ్గర మా ఊరికి పోయాను. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపు ఉంటేనే కాంటా పెడతారు, కాబట్టి ఆ తేదీ మన చేతిలో ఉండదు. ఇట్లాంటి కదిలే గడువు పక్కన మోసుకుపోయే పని పెట్టుకోవాలని తెలిసి పేపర్ 4 నోట్స్ సంచిలో వేసుకున్నాను. మిషన్ పెడితే 18.4 వచ్చింది. నాయిన వడ్లు కాళ్లతో తిరగేస్తూ, "రేపటికి ఆరుతయి బిడ్డా, నువ్వుండాలె" అన్నాడు.

రేపు అంటే గ్రాండ్ టెస్ట్. చాలాసేపు టెన్షన్ పడ్డాను. తర్వాత అదే రెండో ప్రశ్న వేసుకున్నాను, టెస్ట్ రేపు రాయకపోతే ఏం పోతుంది? అందరితో కలిపి వచ్చే ర్యాంకు. ప్రశ్నపత్రం ఎక్కడికీ పోదు, టైం పెట్టుకుని రూమ్‌లో రాయొచ్చు. నాయిన ఒక్కడే పరదాలు కప్పుకుంటూ కాంటా దగ్గర నిలబడటం మాత్రం తర్వాత సరిచేసుకునేది కాదు. ఆదివారం మధ్యాహ్నం కాంటా అయింది. అప్పటిదాకా బస్తాల మీద కూర్చుని ముల్కీ నిబంధనల పేజీలు చదివాను, మధ్యలో రెండుసార్లు లేచి కుట్టుదారం అందించాను.

సోమవారం రూమ్‌లో తలుపు వేసుకుని టెస్ట్ రాశాను. పేపర్ 3లో 84. పేపర్ 4లో 109, మూడు తగ్గాయి. కరెంట్ అఫైర్స్ నవంబర్ రెండో సగం ఆ వారం ముట్టనే లేదు. గ్యాస్ బండ మా రూమ్‌మేట్ తెచ్చాడు.