అప్ప పెళ్లికి సేవ్ ద డేట్ వీడియో: తేదీ చదవడానికి 9 సెకన్లు

మా అప్ప నిశ్చితార్థం విజయనగరంలో మా ఇంట్లోనే జరిగింది. ఫొటోగ్రాఫర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో 300 దాటి ఫొటోలు, 40 చిన్న క్లిప్పులు ఉన్నాయి. సేవ్ ద డేట్ వీడియో నేనే చేస్తానని మాటిచ్చాను.

మొదటిసారి చేసినప్పుడు నచ్చిన ఫొటోలన్నీ పెట్టేశాను. ఒక్కోటి సెకను చొప్పున 30 ఫొటోలు, చివర 2 సెకన్లు తేదీ. నాన్నకి చూపిస్తే బాగుందనలేదు, బాగాలేదనలేదు. "తేదీ ఎప్పుడొచ్చిందిరా?" అని అడిగారు. ఆ వీడియో మొత్తం పక్కన పెట్టేసి, రెండోసారి తేదీ దగ్గర నుంచి మొదలుపెట్టాను.

ముహూర్తం శనివారం రాత్రి 1 గంట 47 నిమిషాలకు. క్యాలెండర్ ప్రకారం అప్పటికి 15వ తేదీ వచ్చేస్తుంది. శుభలేఖలో అయితే "14వ తేదీ శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం" అని వివరంగా వేస్తారు. నేను అందంగా ఉంటుందని పెద్ద అంకెల్లో 15 అని మాత్రమే వేశాను. ఖరగ్‌పూర్‌లో ఉన్న పెదనాన్న అది చూసి టికెట్ తీసుకుంటే, 15 సాయంత్రం దిగేసరికి పెళ్లి అయిపోయి ఉంటుంది. అందుకే "14 శనివారం రాత్రి" అని పెద్దగా, దాని కింద "తెల్లవారితే ఆదివారం" అని కాస్త చిన్నగా వేశాను. మండపం పేరు, ముహూర్తం గంటలు వదిలేశాను, అవి శుభలేఖలో ఎలాగూ ఉంటాయి. ఈ వీడియోకి పేర్లు, తేదీ, ఊరు చాలు.

తెలుగు అక్షరాలతోనే ఎక్కువ తిప్పలు పడ్డాను. టైపు కొడుతున్నట్టు ఒక్కో అక్షరం వచ్చే ఎఫెక్ట్ పెడితే "రాత్రి"లో "త" ఒకసారి, పొల్లుతో "త్" ఒకసారి కనిపించి, ఆ తర్వాతే "త్రి" అయింది. ఆ ఎఫెక్ట్ మనం పలికే అక్షరాన్ని చూడదు. కంప్యూటర్ దాచుకునే గుర్తుల్ని ఒక్కొక్కటిగా బయటపెడుతుంది. అక్షరాల మధ్య ఖాళీ పెంచితే వత్తులు పక్కకి జరిగిపోయాయి. చివరికి ప్రతి పంక్తినీ వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా చేసి, మొత్తం ఒకేసారి నెమ్మదిగా తేలేలా పెట్టాను. ఆ తర్వాత ఏ ఫోన్‌లో చూసినా ఒక్క వత్తు కూడా చెదరలేదు.

సంగీతం విషయంలో అప్పకి సినిమా పాట కావాలి. పాటలో మాటలుంటే చూసేవాళ్లు వాటి వెంటే పోతారు, తెర మీద రాసింది చదవరు. పైగా సినిమా పాట పెట్టిన వీడియోని ఇన్‌స్టాగ్రామ్‌లో ఎక్కిస్తే ఒక్కోసారి శబ్దం తీసేస్తారు. నిశ్చితార్థానికి వాయించిన సన్నాయి ఆయన్నే అడిగితే, డోలు ఆయన్ని కూడా వెంటబెట్టుకొని వచ్చి, ఫ్యాన్లు ఆపేసిన మా హాల్లో ఒక నిమిషం వాయించారు. ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. అది విన్నాక అప్ప పాట ఊసెత్తలేదు.

డోలు నాలుగు దెబ్బలకి సుమారు 3 సెకన్లు పట్టింది. మనిషి వాయించింది కాబట్టి అన్నిచోట్లా కచ్చితంగా 3 ఉండదు, లెక్కతో కోస్తే నాలుగో ఫొటోకే తాళం తప్పుతుంది. అందుకని వింటూ ప్రతి నాలుగో దెబ్బ దగ్గరా గుర్తు పెట్టుకొని, ఆ గుర్తుల మీదే ఫొటో మార్చాను. మొత్తం 45 సెకన్లు. మొదటి 6 సెకన్లు పసుపు కొమ్ములు, తాంబూలం పళ్లెం ఉన్న క్లిప్పు. తర్వాత 24 సెకన్లలో ఐదు ఫొటోలు, మూడు క్లిప్పులు. తేదీకి 9, చివర పేర్లు, ఊరికి 6. ఉంగరం తొడిగే క్లిప్పు ఒక్కటే స్లో మోషన్ చేశాను. అది సెకనుకి 50 ఫ్రేముల్లో తీసినది, నా వీడియో 25 ఫ్రేములది, కాబట్టి సగం వేగానికి తగ్గించినా సాఫీగా నడిచింది. 25లో తీసిన హారతి క్లిప్పుని అలాగే తగ్గిస్తే కుదుపులొచ్చాయి, దాన్ని మామూలు వేగంతోనే ఉంచాను.

నిలువు వీడియోలో అడ్డం ఫొటో ఇమడదు. కుటుంబమంతా ఉన్న ఫొటోని తెర నిండా పెంచితే రెండు చివర్లా బావ వాళ్ల అమ్మగారు, మా మావయ్య తెగిపోయారు. వాళ్లని కోసి పంపడం నాకు మనసొప్పలేదు. 1080 పిక్సెళ్ల వెడల్పుకి ఆ ఫొటో 720 ఎత్తు వస్తుంది, వీడియో ఎత్తు 1920లో పైనా కిందా 600 చొప్పున మిగులుతుంది. ఆ ఖాళీలో లేత పసుపు రంగు నింపి, కింది భాగంలో తేదీ పెట్టాను. మరీ అంచుకి పెడితే స్టేటస్‌లో రిప్లై పెట్టె కింద పడిపోతుంది, అందుకే ఫొటోకి దగ్గరగా జరిపాను.

పూర్తయ్యాక మా నాయనమ్మ చేతికి ఫోన్ ఇచ్చి తేదీని పైకి చదవమన్నాను. నిదానంగా రెండుసార్లు చదివాకే ఆ బొమ్మ మారింది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అక్షరాల అంచులు మసకబారాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్లింది. సాయంత్రానికి పెదనాన్న ఫోన్ చేశారు. 13 రాత్రి బండికి నాలుగు టికెట్లు తీశారట.