నిమిషాలు కాదు, గడియారం రాసుకో

సంచికకి ఏదైనా రాయమనగానే నాకు ముందు గుర్తొచ్చింది అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కల పేపరు. అందులో ఒక్క ప్రశ్న నా దగ్గర 50 నిమిషాలు తినేసింది.

రెండు మార్కులవి 10, ఐదు మార్కులవి 8, పది మార్కులవి 4. మొత్తం 100 మార్కులు, మూడు గంటలు. ముందు పెద్దవి చేసేస్తే ధీమాగా ఉంటుందని ఎవరో అనగా విని, పది మార్కుల జ్యామితి ప్రశ్న ఎత్తుకున్నాను. పటం ముద్దుగా వచ్చింది. నిరూపణ సగం దాకా సాఫీగా నడిచి, ఒక మెట్టు దగ్గర ఆగిపోయింది. ఇంకో రెండు నిమిషాల్లో వచ్చేస్తుందిలే అనుకుంటూ రాసి కొట్టేశాను, కొట్టేసి రాశాను. 9:10కి మొదలుపెట్టినవాణ్ణి తలెత్తి చూసేసరికి పది అయింది. ఆ తర్వాత అంతా పరుగే. ఆఖరికి బాగా వచ్చిన పది మార్కుల ప్రశ్న ఒకటి ముట్టుకోకుండానే పేపరు ఇచ్చేశాను.

పేపర్లు దిద్దాక మాస్టారు పిలిచారు. తిట్టలేదు. రఫ్ కాగితం ముందుకు తోసి లెక్క చెయ్యమన్నారు. 180 నిమిషాల్లో మొదట పేపరు చదవడానికి 10, చివర సరిచూసుకోవడానికి 20 తీసెయ్. మిగిలింది 150. మార్కుకి నిమిషంన్నర. అంటే రెండు మార్కులకి 3 నిమిషాలు, ఐదుకి ఏడున్నర, పదికి 15.

"నువ్వు ఆ జ్యామితికి 50 పెట్టావు. అది ఎన్ని మార్కుల టైమురా?"

భాగించాను. 33.

"వచ్చినవి?"

"ఏడండి."

ఆ ఏడూ మొదటి 12 నిమిషాల్లో రాసిన పటానికీ, దత్తాంశానికీ, సగం నిరూపణకీ పడ్డవే. మిగతా 38 నిమిషాలకి ఒక్క మార్కూ రాలేదు. పెద్ద ప్రశ్నలో మొదటి మార్కులు చవగ్గా వస్తాయి, చివరి రెండు మూడే ప్రాణం తీస్తాయి. అందుకే కేటాయించిన టైము అయిపోతే సగం పేజీ ఖాళీ వదిలి ముందుకి పొమ్మన్నారు. ఖాళీ వదలడం నాకప్పుడు ఓటమిలా అనిపించింది. తిరిగొచ్చి రాయడానికి చోటు ఉంచుకోవడమేనని తర్వాత అర్థమైంది.

రెండో సలహా ఇంకా చిన్నది, నాకైతే అదే ఎక్కువ పనికొచ్చింది. ఏ భాగానికి ఎన్ని నిమిషాలో రాసుకోవద్దు, ఏ భాగం ఎన్ని గంటలకి అయిపోవాలో రాసుకోమన్నారు. టెన్షన్‌లో ఉన్నప్పుడు 10:25 నుంచి ఇంకా ఎంతుందో తీసివేతలు చేస్తూ కూర్చోలేం. తొమ్మిదింటి పరీక్షకి మా లెక్క ఇలా తేలింది: 9:10కి చదవడం పూర్తి, 9:40కి రెండు మార్కులవి, 10:40కి ఐదు మార్కులవి, 11:40కి పది మార్కులవి. నాలుగు గుర్తులు, అంతే. ప్రశ్నాపత్రం మీద రాయనివ్వని చోట జవాబు పుస్తకం చివరి పేజీలో, రఫ్ అని రాసి వేసుకోవచ్చు.

ఒకచోట మాత్రం చాలామంది తప్పటడుగు వేస్తారు, నేనూ వేశాను. పన్నెండిచ్చి ఎనిమిది రాయమంటే, భాగించాల్సింది రాయాల్సిన మార్కులతో, అచ్చేసిన మార్కులన్నిటితో కాదు. పైగా ఈ నిమిషంన్నర ఇనుప గీతేమీ కాదు. నిర్వచనం అడిగిన రెండు మార్కులు ఒక నిమిషంలో అయిపోతాయి, పటం గీయాల్సినవి ఐదు తీసుకుంటాయి. అందుకే ప్రశ్న ప్రశ్నకీ కాకుండా భాగం చివర గడియారం చూస్తే చాలు.

ప్రీ ఫైనల్ పరీక్షకి మొదటిసారి ఇలా కూర్చున్నాను. రెండు మార్కులవి సరిగ్గా 9:40కి అయ్యాయి. ఐదు మార్కుల దగ్గర ఒక వర్గ సమీకరణం మొండికేసింది. దాన్ని వదలడానికి మనసొప్పక, ఖాళీ ఉంచి కదిలేసరికి 10:46. పెన్సిల్‌తో 10:40 కొట్టేసి 10:46 వేశాను, ఆ కింద 11:40ని 11:46 చేశాను.

చివర మిగిలిన 14 నిమిషాల్లో పేపరంతా మొదటి నుంచీ చదవలేదు. చదివితే మన తప్పు మనకే కరెక్టుగా కనిపిస్తుంది. ముందు ప్రశ్నల సంఖ్యలు సరిపోల్చాను. 14వ ప్రశ్న జవాబుకి 15 అని వేసి ఉంది. తర్వాత ప్రశ్నలోని అంకెల్ని నేను దింపుకున్నవాటితో కలిపి చూశాను. సమీకరణం అక్కడే దొరికింది. ప్రశ్నలో మైనస్ 6, నా కాగితంలో 6. ఖాళీ వదిలిన చోట నాలుగు వరసల్లో తేలిపోయింది.

పేపరు తిరిగిచ్చేటప్పుడు మాస్టారు మార్కులకన్నా ముందు చివరి పేజీ తిప్పారు. కొట్టివేత మీద వేలు పెట్టి, "ఈ ఆరు నిమిషాలు ఎక్కణ్ణించి తెచ్చావు?" అన్నారు.

"చివరి ఇరవైలోంచండి."

"అవి ఎన్ని మార్కులు?"

ఈసారి కాగితం అడగలేదు. "నాలుగండి" అన్నాను.