కాలువలో కుంగే ఓడ

కాకినాడ రేవు నుంచి బియ్యం నింపుకున్న ఓడ బయలుదేరినప్పుడు, ఎదురుగా అడ్డమేమీ లేకపోయినా పైలట్ గారు వేగాన్ని ఐదు నాట్ల దగ్గరే ఎందుకు ఉంచారో ఈ రోజు ఆయన పక్కన నిలబడి తెలుసుకున్నాను.

ఓడ ముందుకు తోసిన నీరు, దాని అడుగుకూ కాలువ నేలకూ మధ్యనున్న ఇరుకు సందులోంచి వేగంగా వెనక్కి పారుతుంది. ఆ వేగం వల్ల అక్కడ ఒత్తిడి తగ్గి, ఓడ మొత్తం కిందికి కుంగుతుంది. దీన్నే స్క్వాట్ అంటారు. ఇది వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఓడల నిపుణుడు బారస్ ఇచ్చిన సులభ సూత్రం ప్రకారం, నీటిలో మునిగిన భాగం అదే కొలతల పెట్టెలో ఎంత వంతు నిండుతుందో చెప్పే బ్లాక్ కోఎఫిషియెంట్ 0.8 ఉన్న సరుకు ఓడ ఇరుకు కాలువలో పది నాట్లతో వెళ్తే సుమారు 1.6 మీటర్లు కుంగుతుంది, ఐదు నాట్లతో వెళ్తే 0.4 మీటర్లే. అడుగున 1.5 మీటర్ల నీరే మిగిలి ఉంటే, పది నాట్ల వేగంతో ఓడ నేలను తాకుతుంది. ఇలాంటి నిండు ఆకారపు ఓడలకు సాధారణంగా ముక్కు ముందుగా దిగుతుంది.

ఇంజిన్ చుట్లు మారకుండానే వేగం పడిపోవడం, ఓడ అదరడం, చుక్కాని మందగించడం దీని గుర్తులు. రేవులో చదివిన డ్రాఫ్ట్, అంటే ఓడ నీటిలో మునిగిన లోతు, నిలిచి ఉన్న ఓడదేనని, కదిలే ఓడకు అది చాలదని నాకు అక్కడే స్పష్టంగా అర్థమైంది.