ఇంగ్లీషు ముక్క లేకుండా జవాబులు రాయమన్నారు: నా అనుభవం

శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో భూమి అర్జీలకు జవాబులు రాసే పని నాది. ఆమధ్య తెలుగు భాషా దినోత్సవం ముందు పైనుంచి మాట వచ్చింది, ఇకమీదట జవాబుల్లో ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా ఉండకూడదని. నాకు సంతోషమే అనిపించింది. అప్పటిదాకా మా దగ్గర నడిచేది "వెరిఫికేషన్ పెండింగ్‌లో ఉన్నందున రిజెక్ట్ చేయడమైనది" లాంటి రాత, అది చదివి అర్థం చేసుకునే రైతు ఎక్కడున్నాడు?

అయితే మాటతోపాటు ఒక నమూనా కూడా పంపారు, అందరూ అలాగే రాయాలని. దాని ప్రకారం వెళ్లిన తొలి జవాబుల్లో ఒకటి ఆమదాలవలస వైపు రైతుది. ఆయన 40 సెంట్ల పల్లం కొన్నాడు, రిజిస్ట్రేషన్ అయిపోయింది, కానీ 1బీలో, అంటే భూమి ఎవరిదో చెప్పే రెవెన్యూ రికార్డులో, ఇంకా అమ్మినాయన పేరే ఉంది. ఆయనకు వెళ్లిన జవాబు ఇది: "తమరు కొనుగోలు చేసిన భూమికి సంబంధించిన విక్రయ పత్రము నమోదు చేయబడినప్పటికీ, హక్కుల పత్రమునందు యాజమాన్య మార్పు నమోదు ప్రక్రియ అసంపూర్తిగా ఉన్నందున, తగు గుర్తింపు పత్రము మరియు దరఖాస్తు పత్రముతో సంబంధిత కార్యాలయమును సంప్రదించగలరు."

కొన్నాళ్లకు ఆ కాగితం పట్టుకుని ఆయనే వచ్చాడు. "నమోదు అయిపోనాదని మీరే రాసినారు కదా బాబూ, మరి బ్యాంకోళ్లు పాత పేరే ఉందంటన్నారేటి?" అన్నాడు.

ఆయన చదివిన దాంట్లో తప్పేమీ లేదు. రిజిస్ట్రేషన్‌కీ నమోదే, మ్యుటేషన్‌కీ నమోదే. మొదటిది అమ్మకం దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు కావడం, రెండోది రెవెన్యూ రికార్డుల్లో మీ పేరు ఎక్కడం, రెండూ వేరువేరు పనులు. రెంటికీ ఒకే మాట వాడేసరికి సగం పనే అయిందన్న సంగతి ఆ మాట కింద దాక్కుంది. పత్రం సంగతీ అంతే. దస్తావేజు, 1బీ, ఆధార్ కార్డు, అప్లికేషన్, అన్నీ పత్రాలే అయ్యాయి, ఇక ఏది పట్టుకెళ్లాలో ఎలా తెలుస్తుంది?

అప్పట్నుంచి పాత జవాబులు తీసి, ఒక్కోటి మా అటెండర్‌ అప్పారావు మావయ్యకు ఒక్కసారే చదివి వినిపించి, "ఇప్పుడు ఆ మనిషి ఏం చెయ్యాలి?" అని అడగడం మొదలుపెట్టాను. ఆయన ఆగినచోట గీత గీసుకునేవాణ్ణి. అలా గీతలు పెరిగేకొద్దీ ఒక సంగతి కనబడింది. ఇంగ్లీషు మాట బదులు తెలుగు క్రియ పెట్టిన చోట ఆయన ఎక్కడా ఆగలేదు. సర్వే చేస్తారు బదులు పొలం కొలుస్తారు, వెరిఫికేషన్ పెండింగ్ బదులు ఇంకా సరిచూడలేదు, అప్‌లోడ్ చేయండి బదులు ఎక్కించండి. ఇవి ఇంగ్లీషు కంటే తేలిక కూడా. ఆగిందల్లా ఇంగ్లీషు నామవాచకం బదులు కొత్తగా కట్టిన నామవాచకం పెట్టిన చోట, అదీ "ప్రక్రియ", "చేయబడిన", "సంబంధిత" తోకలతో. యాజమాన్య మార్పు నమోదు ప్రక్రియ అని నాలుగు మాటలు వరసగా పేరిస్తే ఎవరు ఏం చేస్తారన్నది అందులో ఎక్కడా ఉండదు.

కొన్నింటిని అసలు ముట్టుకోకూడదు. ఓటీపీకి "ఒకసారి వాడే రహస్య సంఖ్య" అని రాశారు నమూనాలో. అర్థం సరే, కానీ ఆ మనిషి ఫోనుకు వచ్చే మెసేజీలో ఓటీపీ అనే ఉంటుంది, కౌంటర్‌లో కుర్రాడూ ఓటీపీ చెప్పమనే అడుగుతాడు. సర్వే నంబరు, ఆధార్ కూడా అంతే. జనం కౌంటర్ దగ్గర నోటితో చెప్పాల్సిన మాట, కాగితం మీద కంటితో వెతుక్కోవాల్సిన మాట అలాగే ఉండాలి. దరఖాస్తు, రసీదు, నకలు ఉర్దూ దారిలో వచ్చినవే, వాటిని తియ్యమని ఎవరూ అనలేదు, ఎందుకంటే అవి ఎవరికీ బరువుగా లేవు.

ఆ రైతు జవాబు మళ్లీ ఇలా రాశాను: "మీరు కొన్న పొలానికి రిజిస్ట్రేషన్ అయింది. కానీ 1బీలో ఇంకా పాత యజమాని పేరే ఉంది. మీ పేరు ఎక్కాలంటే మ్యుటేషన్‌కు దరఖాస్తు పెట్టాలి. రిజిస్టరైన దస్తావేజు నకలు, ఆధార్ కార్డు జెరాక్సు తీసుకుని మీ ఊరి సచివాలయానికి వెళ్లండి. రసీదు తప్పకుండా తీసుకోండి."

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మా సార్‌కి చూపించాను. మ్యుటేషన్ దగ్గర ఆయన పెన్ను ఆగింది. గిడుగు రామమూర్తిగారు పుట్టిన జిల్లాలో, ఆయన పుట్టినరోజు పేరు చెప్పి ఇంత రాళ్లలాంటి తెలుగు రాస్తే ఎలా సార్ అన్నాను, ఆయన పోరాడింది జనం మాట్లాడే తెలుగు కోసం కదా. సార్ కాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టారు, అలాంటి మాట మొదటిసారి వచ్చినప్పుడు అదేంటో పక్కనే తెలుగులో విప్పి చెప్పాలని. మంచి షరతు. ఇప్పుడు "మ్యుటేషన్, అంటే 1బీలో మీ పేరు ఎక్కించడం" అని రాస్తున్నాం. కోర్టు కేసులున్న అర్జీలకు మాత్రం ఇంకా పాత నమూనాయే నడుస్తోంది, చట్టంలో ఉన్న మాట మార్చడానికి సార్ ఒప్పుకోలేదు, వాటికి కింద రెండు లైన్లు మామూలు తెలుగులో కలపనివ్వమని అడుగుతున్నాను.