ఒకే ఊదారంగు ట్యూబు వెంట: ల్యాబ్ టెక్నీషియన్ పరీక్షకు నేను రివిజన్ చేసిన తీరు

రైల్వే పారామెడికల్ నోటిఫికేషన్‌లో ల్యాబ్ అసిస్టెంట్ గ్రేడ్-2 పోస్టుకు 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు. వాటిలో 70 మన సబ్జెక్టువే. ఒక్కో తప్పుకి మూడో వంతు మార్కు కోత. మాది మదనపల్లె దగ్గర. డీఎంఎల్‌టీ చేసి బెంగళూరు వచ్చి, కృష్ణరాజపురం వైపు ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో శాంపిల్ కలెక్షన్ చూస్తున్నాను. పొద్దున్నే ఫాస్టింగ్ వాళ్ల రద్దీ, మధ్యాహ్నం దాకా ట్యూబుల ఎంట్రీ. చదువుకోడానికి మిగిలేవి సాయంత్రాలు. అందుకే సిలబస్ మొదటి పేజీ నుంచి చివరి దాకా మళ్లీ చదవడం నాకు కుదరదని ముందే తేల్చుకున్నాను.

పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని చూస్తే, శాంపిల్ హ్యాండ్లింగ్, స్టెయినింగ్, బ్లడ్ గ్రూపింగ్ మూడింట్లోనూ అడిగే తీరు దాదాపు ఒకటే. రిజల్టు ఇలా వచ్చింది, ఎక్కడ తేడా జరిగింది? ప్రొసీజర్ వరసగా అప్పజెప్పడం వస్తే ఇలాంటి వాటికి సగం జవాబే దొరుకుతుంది. నేనుండే పీజీ హాస్టల్లో చిత్తూరు అక్క ఒకామె ఉంది, బ్లడ్ బ్యాంకులో పనిచేస్తుంది. ఆమె ఒక మాట చెప్పింది. "చాప్టర్లుగా చదవొద్దే. ఊదారంగు ట్యూబు ఒకటి పట్టుకో. నువ్వు రక్తం తీసినకాడి నుంచి నా టేబుల్ మీదికొచ్చే దాకా దాని వెనకాలే పో. ప్రతి అడుగు దగ్గరా, ఇది చెడితే నాకేం కనపడుతుంది అని అడుగు." నా ప్లానంతా ఆ మాట మీదే కట్టుకున్నాను. నోటుబుక్కులో పేజీకి రెండు గళ్లు గీశాను. ఎడమవైపు అడుగు, కుడివైపు అది తప్పితే కనిపించే గుర్తు.

మొదటి వారం ట్యూబుకే ఇచ్చాను. ఊదారంగు ట్యూబులో ఉండేది ఈడీటీఏ. రక్తంలోని కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టకుండా చేస్తుంది. మిల్లీలీటరు రక్తానికి సుమారు 1.5 మిల్లీగ్రాములు సరిపోతుంది. కుడిగడిలో రాసుకున్నవి ఇవి: ట్యూబులో గీత దాకా రక్తం నిండకపోతే ఈడీటీఏ పాలు ఎక్కువై ఎర్రకణాలు ముడుచుకుంటాయి, పీసీవీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. మరీ ఎక్కువ నింపినా, తీసిన వెంటనే మెల్లగా తిప్పి కలపకపోయినా చిన్న గడ్డలు పడి ప్లేట్‌లెట్ కౌంటు పడిపోతుంది.

ఆర్డర్ ఆఫ్ డ్రా కూడా ఇక్కడే తేలిపోయింది. ఊదారంగు ట్యూబు ముందు నింపి, తర్వాత సీరం ట్యూబు నింపితే, సూదికి అంటుకున్న పొటాషియం ఈడీటీఏ కొంచెం అందులోకి పోవచ్చు. అప్పుడు పొటాషియం బాగా పెరిగి, కాల్షియం బాగా పడిపోయి వస్తుంది. పేషెంటేమో కుర్చీలో కూర్చుని హాయిగా మాట్లాడుతుంటాడు. ఆ రెండూ కలిసి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ట్యూబునే. రక్తం హిమోలైజ్ అయినా పొటాషియం పెరుగుతుంది, కానీ కాల్షియం అంతలా పడిపోదు, పైగా సీరం ఎర్రగా కనిపిస్తుంది. ఈ ఒక్క పోలిక గట్టిగా పట్టుకుంటే, బ్లడ్ కల్చర్, సిట్రేట్, సీరం, హెపారిన్, ఈడీటీఏ, ఫ్లోరైడ్ అన్న వరసలో ఈడీటీఏ చివర్లో ఎందుకుందో బట్టీ పట్టకుండానే గుర్తుంటుంది.

తర్వాత స్టెయినింగ్. ఇక్కడ పేజీలు పెంచుకోవడం తేలిక, అందుకని లీష్మన్ స్టెయిన్‌ని లోతుగా చదివి, మిగతావి పైపైన చూసుకున్నాను. స్మియర్ మీద ముందు నీళ్లు కలపని స్టెయిన్ పోసి 2 నిమిషాలు ఉంచుతాం. అందులోని మిథనాల్ కణాలను స్లైడుకి ఫిక్స్ చేస్తుంది. తర్వాత దానికి రెట్టింపు బఫర్ నీళ్లు, పీహెచ్ 6.8 ఉన్నవి, పోసి కలిపి 7 నుంచి 10 నిమిషాలు ఉంచుతాం. అసలు రంగు పట్టేది ఈ రెండో దశలోనే.

ఇప్పుడు కుడిగడి. ఎర్రకణాలు నీలంగా, తెల్లకణాల న్యూక్లియస్ మరీ ముదురుగా ఉంటే బఫర్ క్షారం వైపు పోయిందనో, స్మియర్ మందంగా ఉందనో అర్థం. అంతా గులాబీగా ఉండి న్యూక్లియస్ వెలిసినట్టుంటే బఫర్ ఆమ్లం వైపు పోయింది, లేదా కడగడం ఎక్కువైంది. ఎర్రకణాల్లో మెరిసే గుండ్రటి చుక్కలు కనిపిస్తే మిథనాల్‌లోకి తేమ చేరింది. ఇది తెలియనివాళ్లు ఆ చుక్కలను మలేరియా పరాన్నజీవి అనుకునే ప్రమాదం ఉంది. మైక్రోస్కోపులో ఫైన్ ఫోకస్ కొంచెం అటూ ఇటూ తిప్పితే చుక్క తళుక్కున మెరుస్తుంది. పరాన్నజీవి అలా మెరవదు, దానికి నీలం సైటోప్లాజం, ఎర్రటి క్రొమాటిన్ ఉండాలి. శాంపిల్ చాలా గంటలు పడి ఉంటే న్యూట్రోఫిల్స్‌లో బుడగలు, ఎర్రకణాల అంచుల్లో ముళ్లు వస్తాయి. అది స్టెయిన్ తప్పు కాదు, ట్యూబు పేజీలోకి పోవాల్సిన తప్పు. రెండు పేజీల మధ్య అక్కడ బాణం గీసుకున్నాను.

గ్రామ్, జీల్-నీల్సన్ రెండింట్లోనూ డీకలరైజేషన్ దశ ఒక్కటే నాకు ముఖ్యమనిపించింది. గ్రామ్‌లో ఆల్కహాల్ ఎక్కువసేపు ఉంటే గ్రామ్ పాజిటివ్ కూడా గులాబీ అవుతుంది. తక్కువసేపైతే నెగటివ్ కూడా ఊదాగా మిగులుతుంది. స్లైడు మీద తెల్లకణాల న్యూక్లియస్ గులాబీగా ఉందా లేదా చూస్తే డీకలరైజేషన్ సరిగ్గా జరిగిందో లేదో అక్కడే తెలుస్తుంది. ఈ రెంటికీ ఒక సాయంత్రం చాలు.

మిగిలిన సమయం, అంటే చాలా భాగం, గ్రూపింగ్‌కి పెట్టాను. ల్యాండ్‌స్టైనర్ 1901లో ఏబీవో గ్రూపులు ప్రకటించాడు. ఆయన సూత్రం వల్లే ఈ పరీక్షలో మనకి ఒక వరం ఉంది: కణాల మీద లేని యాంటిజెన్‌కి సీరంలో యాంటీబాడీ ఉండాలి. కాబట్టి ఒకే గ్రూపుని రెండు వైపుల నుంచి చూడొచ్చు. పేషెంటు కణాలకి యాంటీ-ఏ, యాంటీ-బీ వేయడం ఫార్వర్డ్. పేషెంటు సీరానికి తెలిసిన ఏ కణాలు, బీ కణాలు వేయడం రివర్స్. రెండూ ఒకే గ్రూపు చెప్పాలి. చెప్పకపోతే రిపోర్టు ఇవ్వకూడదు. నాలుగు నెలల లోపు పిల్లలకి మాత్రం సొంత యాంటీబాడీలు సరిగా తయారై ఉండవు కాబట్టి రివర్స్‌ని నమ్మరు.

అక్క ఆదివారం మధ్యాహ్నం కూర్చోబెట్టి ఒక కేసు రాసిచ్చింది. 5 శాతం సెల్ సస్పెన్షన్, అంటే కడిగిన ప్యాక్డ్ సెల్స్ ఒక చుక్కకి సెలైన్ 19 చుక్కలు. ట్యూబు పద్ధతి. యాంటీ-ఏ: లేదు. యాంటీ-బీ: లేదు. యాంటీ-డి: 4 ప్లస్. సీరంతో ఏ కణాలు 4 ప్లస్, బీ కణాలు 4 ప్లస్.

"ఓ పాజిటివ్ కదక్కా?"

"అంతదాకా సరే. ఓ కణాలు కూడా పెట్టినాను. అవీ 4 ప్లస్. ఇప్పుడు చెప్పు."

ఓ గ్రూపు మనిషి సీరం ఓ కణాలను ముద్ద చేయకూడదు. చేసిందంటే, ఆ సీరంలో ఓ కణాల మీదున్న దేనికో యాంటీబాడీ ఉంది. ఇక్కడ తర్వాత అడగాల్సింది ఆటో కంట్రోల్, అంటే ఆ మనిషి సీరం, ఆ మనిషి సొంత కణాలు. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఆమె రాసిన కేసులో ఆటో కంట్రోల్ నెగటివ్. సొంత కణాలను ఏమీ చేయని సీరం, పక్కవాళ్ల ఓ కణాలను మాత్రం గట్టిగా పట్టుకుంటోంది. ఓ కణాల మీద ఎక్కువగా ఉండేది హెచ్ యాంటిజెన్. దాన్ని పరీక్షించడానికి యాంటీ-హెచ్ లెక్టిన్ వేస్తారు. మామూలు ఓ కణాలు దానితో బలంగా ముద్దవుతాయి. ఈ పేషెంటు కణాలు కదల్లేదు. అంటే హెచ్ అసలే లేదు. బాంబే గ్రూపు. భెండే, ఆయన సహచరులు బొంబాయిలో గుర్తించి 1952లో లాన్సెట్‌లో ప్రకటించారు. ఏ, బీ యాంటిజెన్లు తయారయ్యేది హెచ్ మీదే. అందుకే ఇలాంటివాళ్లకి ఏ జీన్ గానీ బీ జీన్ గానీ ఉన్నా ఫార్వర్డ్‌లో ఓ లాగే కనిపిస్తారు. వాళ్ల యాంటీ-హెచ్ శరీర ఉష్ణోగ్రత దగ్గర కూడా పనిచేస్తుంది. మామూలు ఓ రక్తం ఎక్కిస్తే కణాలు లోపలే పగిలి ప్రాణం మీదికొస్తుంది. బాంబే రక్తమే ఎక్కించాలి. రివర్స్‌లో ఓ కణాలు కూడా పెట్టకుండా ఊరుకుంటే ఈ మనిషి ఓ పాజిటివ్‌గానే రిపోర్టయ్యేవాడు. ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు దాన్నే ఆలోచించాను. రివర్స్ గ్రూపింగ్ పేజీ మళ్లీ తిరగేయాల్సిన అవసరం నాకు రాలేదు.

అదే కేసులో ఆటో కంట్రోల్ పాజిటివ్ అయితే రెండో దారి. చలికి పనిచేసే కోల్డ్ యాంటీబాడీ ఉండొచ్చు, లేదా రూలో కావచ్చు. రూలో అంటే కణాలు నాణేలు పేర్చినట్టు ఒకదానిమీద ఒకటి అతుక్కోవడం. దీనికి మైక్రోస్కోపు కింద చూసి, సీరం తీసేసి సెలైన్ వేయాలి. రూలో విడిపోతుంది, నిజమైన అగ్లుటినేషన్ విడిపోదు. కోల్డ్ యాంటీబాడీ అయితే కణాలను 37 డిగ్రీల వెచ్చటి సెలైన్‌తో కడిగి మళ్లీ పెడతారు.

ఇక్కడికొచ్చేసరికి పాత పేజీల్లో బాణాలన్నీ కలిశాయి. మైలోమా పేషెంటు లీష్మన్ స్మియర్‌లో ఇదే రూలో కనిపిస్తుంది, ప్రొటీన్ ఎక్కువ కాబట్టి వెనక నీలం ఛాయ వస్తుంది, ఈఎస్‌ఆర్ బాగా పెరుగుతుంది. కోల్డ్ యాంటీబాడీ ఉన్న శాంపిల్ మెషీన్‌లో పెడితే ఎంసీహెచ్‌సీ ఉండకూడనంత ఎక్కువ వస్తుంది, స్మియర్‌లో కణాలు గుంపులు కడతాయి. ట్యూబుని 37 డిగ్రీల్లో వెచ్చబెట్టి మళ్లీ నడిపితే సరవుతుంది. మూడు చాప్టర్లలో విడివిడిగా చదివినవి ఒకే మనిషి రక్తం గురించినవి.

చివరికి మిగిలింది వీక్ డి. తొలి దశలో యాంటీ-డి నెగటివ్ వచ్చిన కణాలను యాంటీ-డితో 37 డిగ్రీల్లో ఇంక్యుబేట్ చేసి, సెలైన్‌తో మూడుసార్లు కడిగి, యాంటీ హ్యూమన్ గ్లోబ్యులిన్ వేస్తాం. ముద్ద కడితే వీక్ డి. కట్టకపోతే వెంటనే నెగటివ్ రాయకూడదు. యాంటీబాడీ పూసిన చెక్ సెల్స్ అదే ట్యూబులో వేయాలి, అవి ముద్ద కట్టి తీరాలి. కట్టలేదంటే, చాలావరకు కారణం కడగడం సరిగా జరగకపోవడమే. మిగిలిపోయిన సీరంలోని గ్లోబ్యులిన్ మన రియేజెంట్‌ని మింగేసింది. ఆ టెస్టు మొత్తం మళ్లీ మొదటి నుంచి చేయాలి. దీనికి కుడిగడిలో "చెక్ సెల్స్ నెగటివ్ అంటే రిపోర్టు లేదు" అని రాసుకున్నాను. పరీక్షకి ముందు సాయంత్రం కొత్తగా ఏమీ చదవలేదు. ఎడమగడి చేత్తో మూసి, గుర్తు చూసి అడుగు చెప్పుకుంటూ పోయాను. ఎక్కడ ఆగిపోతే ఆ పేజీ మాత్రమే మళ్లీ తెరిచాను.